కోపం కాదు, లెక్క రాయాలి

విజయవాడలో ఒక పళ్ల డాక్టరు సోషల్ మీడియా ఏజెన్సీని వదిలించుకోవాలనుకున్నారనుకుందాం. ‘మీ పని బాగాలేదు’ అని రాస్తే ఏజెన్సీ వాదనకు దిగుతుంది. అదే ఒప్పందంలోని అంకెలు రాస్తే వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

లేఖలో ఆయన ఇలా రాయవచ్చు: ‘నెలకు 12 పోస్టులు, 4 రీల్స్ అని ఒప్పుకున్నారు. మూడు నెలల్లో 36 పోస్టులకు 21, 12 రీల్స్‌కు 5 వచ్చాయి. ఒప్పందం ప్రకారం 30 రోజుల నోటీసు ఇస్తున్నాను.’ ఎప్పుడెప్పుడు గుర్తుచేశారో ఆ మెయిళ్ల తేదీలూ పక్కనే ఉండాలి.

అసలు చిక్కు రిపోర్టులతోనే. ‘ఇంప్రెషన్స్ 80 వేలు’ అని రంగురంగుల గ్రాఫ్ వస్తుంది. ఒకే మనిషి ఒక పోస్టును నాలుగుసార్లు చూస్తే నాలుగు ఇంప్రెషన్స్. రీచ్ మాత్రం ఒక్కటే. ఆ చూసినవాళ్లు గుంటూరువాళ్లో గోరఖ్‌పూర్‌వాళ్లో గ్రాఫ్ చెప్పదు. డాక్టరుకు కావలసింది ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎందరు అపాయింట్‌మెంట్ తీసుకున్నారు, యాడ్ డబ్బు ఎక్కడ ఖర్చయింది అన్నవి. వీటిని ఇస్తామని ఒప్పందంలో ఉంటేనే లేఖలో తప్పుగా చూపగలరు. లేకపోతే అది అసంతృప్తే తప్ప ఉల్లంఘన కాదు.

చాలామంది మరిచేది తాళాల సంగతి. ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఏజెన్సీ మెయిల్ ఐడీతో తెరిచి ఉంటే, విడిపోయాక క్లినిక్ ఫోన్ నంబరు మార్చడానికి కూడా వాళ్లనే అడగాలి. అందుకే లేఖ పంపేముందే యజమాని హక్కులు మీ పేరున ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఫలానా తేదీలోగా అప్పగించమని అందులోనే రాయండి.