ఈ-సిమ్ పొరపాటున డిలీట్ చేస్తే నంబరు పోతుందా?

గుంటూరులో ఉండే ఒక టీచరమ్మ సింగపూర్‌లో కొడుకు దగ్గరికి వెళ్లొచ్చారనుకుందాం. అక్కడ వాడుకోవడానికి తీసుకున్న ట్రావెల్ ఈ-సిమ్ ఇంకా ఫోన్‌లోనే ఉంది. తీసేద్దామని సెట్టింగుల్లోకి వెళితే ప్రైమరీ, సెకండరీ అని రెండు లైన్లు కనిపించాయి. సెకండరీ అన్నదే సింగపూర్‌దనుకుని డిలీట్ నొక్కారు. నిజంగానే తీసేయాలా అని ఫోన్ అడిగితే సరేనన్నారు. బ్యాంకుకూ, ఆధార్‌కూ, గ్యాస్ కంపెనీకీ ఇచ్చిన నంబరుకు సిగ్నల్ పోయింది.

నంబరు మాత్రం ఎక్కడికీ పోలేదు. అది కంపెనీ రికార్డుల్లో ఆమె పేరు మీదే ఉంటుంది, రీచార్జి గడువు కూడా అలాగే ఉంటుంది. చెరిగిపోయింది ఫోన్‌లోని చిప్‌లో ఉన్న ప్రొఫైల్. నెట్‌వర్క్ తనను గుర్తుపట్టేందుకు వాడే రహస్య తాళం అందులోనే ఉంటుంది. దాన్ని ఫోన్ బయటికి కాపీ తీయనివ్వదు, అందుకే బ్యాకప్‌లో ఉండదు. లైన్‌ను ఆఫ్ చేసి ఉంటే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. డిలీట్ చేస్తే ఆ వీలు లేదు.

అప్పుడు చాలామందికి గుర్తొచ్చేది మెయిల్‌లో దాచుకున్న పాత క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే, ఈ కోడ్ ఇక చెల్లదని ఫోన్ చెబుతుంది. కారణం ఆ గళ్ల బొమ్మలోనే ఉంది. అందులో దాగిన రాత దాదాపు ఇలా ఉంటుంది:

```
LPA:1$smdp.example.com$ABCD-1234-EFGH
```

మధ్యలో ఉన్నది కంపెనీ ప్రొఫైళ్లు దాచే సర్వర్ చిరునామా, చివర ఉన్నది ఆ ప్రొఫైల్‌కు ఇచ్చిన గుర్తు. ప్రొఫైల్ ఇందులో ఉండదు. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదిది. సరుకు ఒకసారి ఇచ్చేశామని సర్వర్ రాసుకున్నాక టోకెన్ చూపించి లాభం లేదు. డిలీట్ చేశాక వైఫై ఉంటే ఆ కబురును ఫోన్ సర్వర్‌కు పంపుతుంది. అయినా ఆ ప్రొఫైల్‌ను మళ్లీ విడుదల చేయాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. కొత్తది ఇవ్వడమే ఎక్కువగా జరిగే పని.

మామూలుగా ఈ-సిమ్ కోసం అదే నంబరు నుంచి ఎస్ఎంఎస్ పంపమంటారు. ఆ నంబరే మూగబోయింది కాబట్టి టీచరమ్మ ఆధార్ పట్టుకుని కంపెనీ స్టోర్‌కు వెళ్లాలి. ఫోన్‌లో *#06# కొడితే కనిపించే 32 అంకెల ఈఐడీని కూడా రాసుకుని వెళ్లడం మేలు. అది చిప్ గుర్తింపు సంఖ్య. ఒక్క అంకె తప్పినా ప్రొఫైల్ ఇంకో ఫోన్‌కు కేటాయించినట్టవుతుంది, ఆమె ఫోన్‌ను సర్వర్ తిప్పి పంపేస్తుంది.

గుర్తింపు తేలాక కంపెనీ చేయాల్సినవి రెండు వేర్వేరు పనులు. మొదటిది, ఖాళీగా ఉన్న కొత్త ప్రొఫైల్ ఒకదాన్ని ఎంచి, సర్వర్‌లో ఆర్డరు పెట్టి, ఖాయం చేసి, విడుదల చేయడం. కొత్త కోడ్ పుట్టేది ఇక్కడే. రెండోది, నెట్‌వర్క్‌లోని చందాదారుల రికార్డులో ఆమె ఫోన్ నంబరును పాత సిమ్ నుంచి విడదీసి కొత్తదానికి కలపడం. ఈ రెండు పనులూ చేసేవి వేర్వేరు వ్యవస్థలు. చిక్కులు ఎక్కువగా వచ్చేది ఈ సందులోనే.

ఎక్కడ ఆగిందో ఫోన్ చూసే కనిపెట్టవచ్చు. మంచి వైఫై ఉన్నా కొత్త కోడ్ స్కాన్ చేయగానే ఎర్రర్ వస్తే, ప్రొఫైల్ విడుదల కాలేదు, లేదా ఈఐడీ తప్పు పడింది. ప్రొఫైల్ దిగి, లైన్ ఆన్ అయ్యి, ఎంతకీ సిగ్నల్ రాకపోతే రెండో పని మిగిలిపోయిందని అనుమానించాలి. అప్పుడు ఇంకో క్యూఆర్ అడగడం వృథా. ఫోన్ సెట్టింగుల్లో కనిపించే ఐసీసీఐడీని, అంటే సిమ్ సంఖ్యను, స్టోర్ వాళ్ల తెరమీద ఉన్న సంఖ్యతో పోల్చమని అడగాలి. రెండూ వేరైతే అక్కడే దొరికిపోతుంది.

సిగ్నల్ వచ్చినా ఒక రోజు ఓపిక పట్టాలి. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు రాకుండా, పోకుండా ఆపాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. ఓటీపీలూ అందవు. ఇంకొకరి నంబరును మోసంతో తమ సిమ్ మీదికి మార్చుకుని ఖాతాలు ఖాళీ చేసేవాళ్లను ఆపడానికి పెట్టిన అడ్డు ఇది, పెట్టాల్సిందే. 2024 జులై 1 నుంచి, సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా వేరే కంపెనీకి పోర్ట్ కావడానికీ వీల్లేదు. ఈ-సిమ్ ఇప్పిస్తామని ఫోన్ చేసి, వచ్చిన కోడ్ చెప్పమని అడిగే అపరిచితులు వెతికేదీ ఈ దారినే.

డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉంటూ బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా నంబరు నిలుపుకున్న తెలుగువాళ్లకు ఇదే పొరపాటు ఎక్కువ కష్టం తెస్తుంది. ప్రొఫైల్‌ను ఏ దేశపు వైఫై మీదైనా దించుకోవచ్చు. గుర్తింపు పరీక్ష దగ్గరే దారి మూసుకుపోతుంది, ఎందుకంటే ఓటీపీ వెళ్లేది పోయిన నంబరుకే. కంపెనీ దగ్గర మెయిల్ చిరునామానూ, ఇంట్లోవాళ్లదొక నంబరునూ ముందే నమోదు చేయించి, ఫోన్‌లో ఆ లైన్ పేరును సెకండరీ నుంచి ‘ఇండియా – బ్యాంకు’ అని మార్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు.