డెంగీ సీజన్‌కు ముందే రాసుకోవాల్సిన నాలుగు వ్యాసాలు

చిన్న క్లినిక్‌లు నడిపే డాక్టర్లు కూడా ఈమధ్య నెట్‌లో ఆరోగ్య వ్యాసాలు పెడుతున్నారు. వాటిలో మొదటిది తరచూ 'డెంగీ: కారణాలు, లక్షణాలు, చికిత్స'. రాసింది తప్పని కాదు, అది ఎవరి కంటా పడదు. 'డెంగీ లక్షణాలు' అని గూగుల్‌లో కొడితే పత్రికలు, కార్పొరేట్ ఆస్పత్రులే ముందు వరుస నింపేస్తాయి. మండల కేంద్రంలో ఒక్క డాక్టరు, ఒక చిన్న ల్యాబు ఉన్న క్లినిక్‌కు చోటు దొరకాలంటే, పెద్దవాళ్లు పట్టించుకోని చిన్న ప్రశ్నను పట్టుకోవాలి.

ఆ ప్రశ్నలు ల్యాబు కిటికీ దగ్గర రోజూ వినపడేవే. "నిన్న లక్షా ఇరవై వేలన్నారు, ఇవాళ తొంభై వేలే వచ్చాయి. ప్లేట్‌లెట్స్ ఎక్కించాలా సార్?" అని అడిగిన మనిషే రాత్రి ఇంట్లో ఫోన్ తీసి `platelets enta undali` అని వెతుకుతాడు. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు మనలో బోలెడంతమంది. అందుకని ఒకే ప్రశ్నను తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ గూగుల్‌లో సగం కొట్టి ఆగండి. కింద జారే సూచనల్లో జనం వాడే మాటలు బయటపడతాయి. గూగుల్ ట్రెండ్స్‌లో మీ రాష్ట్రం, గత ఐదేళ్లు ఎంచుకుంటే ఆ వెతుకులాట ఏ నెలల్లో పెరుగుతోందో గీత చూపిస్తుంది. కొత్త వ్యాసం గూగుల్‌లో పైకి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి, జ్వరాలు ముదిరాక రాయడం మొదలెడితే ఆలస్యమైనట్టే. జూలైకల్లా సిద్ధం కావాలి.

జూలైకి వారానికొకటి చాలు. మొదటి వారం వెతుకుడు మాట 'డెంగీ టెస్ట్ ఎప్పుడు చేయించాలి'. శీర్షిక: 'జ్వరం వచ్చిన ఎన్నో రోజున డెంగీ పరీక్ష?' మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. ఈ తేడా ఒక్కటి వివరిస్తే వ్యాసం అయిపోయినట్టే.

రెండోదే ఈ నెలకు ప్రాణం. మాట `platelets enta undali`, శీర్షిక 'ప్లేట్‌లెట్స్ లక్షలోపు పడిపోతే ఎక్కించాలా?' సోది లేకుండా మొదటి రెండు వాక్యాల్లోనే జవాబు ఉండాలి: 'మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. రక్తస్రావం లేకపోతే, 10 వేల లోపుకు పడిపోతే తప్ప సాధారణంగా ఎక్కించరు.' ఆ తర్వాత జనానికి తెలియని అసలు సంగతి చెప్పాలి. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే రోజుల్లోనే డెంగీలో ప్రమాదం ఎక్కువ. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా ఉండటం కనిపిస్తే అంకె ఎంతున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోకూడదన్న మాట కూడా ఇక్కడే రావాలి.

మూడో వారం 'బొప్పాయి ఆకు రసం ప్లేట్‌లెట్స్'. ఈ ప్రశ్నను డాక్టర్లు చిన్నచూపు చూస్తారు గానీ, ఇంట్లో పెద్దవాళ్లు అడిగేది ఇదే. శీర్షిక 'బొప్పాయి ఆకు రసం తాగితే డెంగీ తగ్గుతుందా?' వెక్కిరించకుండా, రసం వైద్యానికి బదులు కాదని, ద్రవాలు తాగించడం ముఖ్యమని రాయాలి. నాలుగోది జ్వరాల నుంచి పక్కకు జరిగి, రాబోయే శ్రావణానికి: 'ఉపవాసం రోజు షుగర్ మాత్ర వేసుకోవచ్చా?' గ్లిమిపిరైడ్ వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోయే ప్రమాదం ఉందని, డోసు సొంతంగా మార్చుకోకుండా ముందే డాక్టర్‌ను అడగాలని ఇందులో ఉండాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రెండో వ్యాసం బాగా నడిచిందని అదే మాట మీద ఇంకోటి రాస్తారు. అప్పుడు మీ రెండు వ్యాసాలూ ఒకదానికొకటి పోటీ అవుతాయి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఆ ప్రశ్న మీద నొక్కి చూడండి. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి మారిమారి కనిపిస్తుంటే రెండింటినీ కలిపి ఒక్కటి చేయాలి. వ్యాసం చాలాసార్లు కనిపించి ఎవరూ నొక్కకపోతే, మార్చాల్సింది ముందుగా శీర్షికనే.

అలాగని శీర్షికకు మసాలా పూయకూడదు. 'షుగర్ శాశ్వతంగా నయం' లాంటి ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. పేషెంట్లను రాబట్టుకోవడానికి ప్రచారం చేసుకోవడం 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. వ్యాసం రాసేది ఎవరైనా, డాక్టరు చదివి, తన పేరు, చదివిన తేదీ కింద వేశాకే అది బయటికి వెళ్లాలి.