బోర్లిస్తే విడిపోయే పాకం

అమెరికాలో ఇనప మూకుడు అడుగున వెన్న, పంచదార, పండ్ల ముక్కలు పరిచి, పైన పిండి పోసి, అయ్యాక పళ్ళెంలోకి బోర్లించే కేకులు పాతకాలం నుంచీ ఉన్నాయి. వాటిలోకి అనాస వచ్చింది మాత్రం హవాయి డబ్బాల పుణ్యమా అని. అక్కడ జేమ్స్ డోల్ కంపెనీలో హెన్రీ జినాకా తయారుచేసిన యంత్రం తొక్క తీసి, మధ్యలోని గట్టి కాడను తొలిచేది. దాంతో ఒకే కొలతలో గుండ్రటి చక్రాలు డబ్బాల్లోకి చేరాయి. 1925లో ఆ కంపెనీ అనాస వంటలకు పోటీ పెడితే వచ్చిన దాదాపు 60 వేల వంటకాల్లో 2,500 ఈ కేకువేనని చెబుతారు.

ఈ కేకులో కష్టమంతా బోర్లించే ఘడియలోనే ఉంది. ముక్కలు గిన్నెకే అతుక్కుపోతే అందం పోతుంది, పాకం కారిపోతే రుచి పోతుంది. రెండింటికీ మూలం పాకమే. అది లేతగా ఉన్నప్పుడు జారుతుంది, ముదిరితే చిక్కీలా బిగుసుకుని గిన్నెను పట్టుకుంటుంది. మన వంటింట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. అందుకే పాకాన్ని ముందుగా పొయ్యి మీద ఎర్రగా కాచి పోయడం నాకు నచ్చదు. అప్పటికే ముదిరిన పాకం ఓవెన్‌లో ఇంకా ముదురుతుంది. వెన్న కరిగించి పంచదార చల్లితే చాలు, మిగతా పని ఓవెన్ వేడి, పండు రసం చూసుకుంటాయి.

తొమ్మిది అంగుళాల గుండ్రటి గిన్నెకు 60 గ్రాముల వెన్న, 100 గ్రాముల బ్రౌన్ షుగర్ సరిపోతాయి. గిన్నె అంచు రెండంగుళాల ఎత్తు ఉండాలి. అడుగు ఊడొచ్చే గిన్నె వద్దు, పాకం సందుల్లోంచి కారి ఓవెన్‌లో మాడుతుంది. కరిగిన వెన్నను అంచుల దాకా పూసి, పంచదారను ఎక్కడా కుప్ప పడకుండా సమంగా చల్లాలి. కుప్పగా ఉన్నచోట కరగకుండా మిగిలిన పలుకులే ముక్కను పట్టుకుంటాయి. ఒక చెంచా తేనె కలిపితే పంచదార తిరిగి పలుకు కట్టడం తగ్గుతుంది.

అనాస చక్రాలను జల్లెడలో వడగట్టి, బట్టతో అద్ది పొడిగా చెయ్యాలి. చాలామంది తొందరలో వదిలేసేది ఈ పనే. తడి ఎక్కువైతే పాకం పలచబడి పిండిలోకి ఎక్కుతుంది, కేకు అడుగు ముద్దగా మిగులుతుంది. సీతంపేట కొండల అనాసలాంటి తాజా పండు వాడితే రసం ఇంకా ఎక్కువ. అర అంగుళం మందాన కోసి, పొడి పెనం మీద రెండు వైపులా కాసేపు వేయించి చల్లారనిస్తే సరి. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు పేర్చి, ఖాళీల్లో చెర్రీలు పెట్టుకోవచ్చు.

పైన పొయ్యడానికి మామూలు వెన్న కేకు పిండి చాలు. జారుగా కాకుండా, గరిటెతో పరవగలిగేంత చిక్కగా ఉండాలి. పలచని పిండి ముక్కల కిందికి దూరిపోతుంది. 175 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు పడుతుంది. పుల్లను కేకులో మాత్రమే గుచ్చి చూడాలి. పండు దాకా దించితే తడి అంటుకుని తప్పు చెబుతుంది.

ఓవెన్‌లోంచి తీయగానే బోర్లించకూడదు. అప్పుడు పాకం నీళ్ళలా ఉంటుంది, కేకు మెత్తగా ఉండి విరుగుతుంది. అరగంట ఆగినా కష్టమే, ఆ పాటికి వెన్న గడ్డకట్టి పాకం పట్టేస్తుంది. ఏడెనిమిది నిమిషాలు సరైన గడువు. అంచుల్లో బుడగలు ఆగిపోవాలి, గిన్నె మాత్రం ఇంకా బాగా వేడిగా ఉండాలి. అంచు చుట్టూ పలచటి చాకు తిప్పి, గిన్నెను కొంచెం వంచి చూడండి. కేకు మొత్తం ఒకే బిళ్ళగా కదిలితే అడుగున విడిందన్న మాట. గిన్నెకన్నా పెద్దదీ, కాస్త అంచున్నదీ పళ్ళెం మూసి, రెండూ గట్టిగా పట్టుకుని ఒక్క ఊపున తిప్పాలి. వెంటనే గిన్నె ఎత్తకుండా రెండు నిమిషాలు వదిలెయ్యండి. ఆ వ్యవధిలో పాకం బరువుకు కిందికి దిగుతుంది.

ఒకటి రెండు ముక్కలు గిన్నెలో ఉండిపోతే గరిటెతో ఎత్తి, వాటి చోట పెట్టి, అంటుకున్న పాకాన్ని గీకి పైన పూస్తే సర్దుకుంటాయి. కేకు చల్లారిపోయి గిన్నె వదలకపోతే గుంజొద్దు. లోహపు గిన్నె అయితే సన్నని మంట మీద తిప్పుతూ అర నిమిషం వేడి చేస్తే పాకం తిరిగి లేతబడుతుంది. గాజు గిన్నెను మంట మీద పెట్టకూడదు. దాన్ని గోరువెచ్చని ఓవెన్‌లో కొన్ని నిమిషాలు ఉంచి మళ్ళీ బోర్లించాలి.