ఆట మళ్లీ తెరిచినా తప్పని పాయింటర్ దారి

నిన్న పట్టుకున్న చిరునామా ఇవాళ ఎందుకు పనిచేయదు?

ఆటలో మీ ఆరోగ్యం అంకె ఉండే చోటును ఆట తెరిచిన ప్రతిసారీ కొత్తగా కేటాయిస్తారు. తరచూ ఇల్లు మారే మనిషి కొత్త చిరునామా పుట్టింటివాళ్లకు తెలిసినట్టు, ఆ చోటు ఎక్కడుందో రాసిపెట్టుకున్న మరో చోటు మెమరీలో ఉంటుంది. దాన్నే పాయింటర్ అంటాం. ఆ పాయింటర్ కూడా మారే చోటే కావచ్చు. అలా వెనక్కి వెళ్తూ ఉంటే చివరకు ప్రోగ్రామ్ ఫైల్‌లోనే స్థిరంగా ఉన్న చోటు దొరుకుతుంది. విండోస్ ఆ ఫైల్‌ను మెమరీలో ఎక్కడ దింపినా, ఫైల్ మొదటి నుంచి ఆ చోటికి ఉన్న దూరం మారదు.

సాధనకు చీట్ ఇంజిన్‌తో వచ్చే ట్యుటోరియల్ చాలు. దాని 64 బిట్ రూపంలో 8వ మెట్టు దారి ఇలా ఉంటుంది (అంకెలు హెక్సాలో):

```
[[[[base]+10]+18]+0]+18
```

ఒక్కో బ్రాకెట్ అంటే అక్కడున్న చిరునామాను చదివి అక్కడికి వెళ్లడం. చివరి 18 కలిపితే వచ్చేదే అంకె ఉన్న చోటు.

ఈ దారిని చీట్ ఇంజిన్‌లోని స్కానర్ ఎలా పట్టుకుంటుంది?

ముందు మామూలుగా అంకె వెతికి చిరునామా పట్టుకోండి. దాన్ని కింది జాబితాలో చేర్చి, అక్కడ దాని మీద రైట్ క్లిక్ చేసి `Pointer scan for this address` ఎంచుకోండి. ఎన్ని అంచెలు, ఒక్కో అంచెలో గరిష్ఠంగా ఎంత దూరం అని అడుగుతుంది. ఇక్కడ దారికి నాలుగు అంచెలు కావాలి కాబట్టి మూడే ఇస్తే ఇది దొరకదు. అలాగని పది ఇస్తే గంటలు పట్టి, డిస్క్ నిండిపోవచ్చు. తక్కువతో మొదలుపెట్టి, ఏమీ రాకపోతే పెంచడం మేలు.

వచ్చే ఫలితాలు వేలల్లో, పెద్ద ఆటల్లో లక్షల్లో కూడా ఉంటాయి. అన్నీ ఇప్పుడు సరైన చోటికే వెళ్తున్నా చాలావరకు కాకతాళీయం. వాటిని ఏరేది పునఃప్రారంభమే. ఫలితాల ఫైల్ ఉంచుకుని ఆటను పూర్తిగా మూసి తెరవండి (ట్యుటోరియల్‌లో ఆ మెట్టు దగ్గర కనిపించే పాస్‌వర్డ్ ముందే రాసుకుంటే నేరుగా అక్కడికే రావచ్చు). అంకె కొత్త చిరునామా వెతికి, `Rescan memory`లో దాన్నిచ్చి వడకట్టండి. జాబితా తగ్గడం ఆగేదాకా ఇలాగే చేయండి. కంప్యూటర్‌ను కూడా ఒకసారి ఆపి తెరవడం, వేరే సేవ్ తెరిచి చూడటం మంచిది. ఎందుకంటే ఆట లోపలి ఏదో జాబితాలో మూడో స్థానం గుండా పోయే దారి, ఆ వరుస మారనంతవరకే సరిగ్గా కనిపిస్తుంది.

మిగిలినవాటిలో ఏది ఎంచుకోవాలి?

నేనైతే `.exe` పేరుతో మొదలై, అంచెలు తక్కువగా ఉన్నదాన్నే తీసుకుంటాను. `THREADSTACK0`తో మొదలయ్యేవి స్టాక్ మీద ఆధారపడతాయి కాబట్టి నమ్మకం తక్కువ. ఆటకు కొత్త అప్‌డేట్ వస్తే ఫైల్‌లోని దూరం మారి, ఎంత మంచి దారైనా తెగిపోవచ్చు. అప్పుడు మళ్లీ స్కాన్ చేయాల్సిందే. ఇదంతా ఒంటరిగా ఆడే ఆటల కోసమే. ఆన్‌లైన్ ఆటల్లో స్కానర్ తెరిస్తేనే ఖాతా పోయే ప్రమాదం ఉంది.