3.4 IF ఫార్ములాలో అక్షర విలువ, సంఖ్యా విలువ: పోలిక ఎక్కడ తప్పుతుంది?

గత విభాగంలో IF ఫార్ములా రాయడం నేర్చుకున్నారు. ఫార్ములాలో పొరపాటు లేకపోయినా జవాబు తప్పుగా వచ్చే సందర్భం ఒకటి ఉంది. అప్పుడు ఎక్సెల్ ఏ హెచ్చరికా ఇవ్వకపోవచ్చు, గడిలో #VALUE! కూడా కనిపించదు. చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది. ఈ విభాగంలో ఆ ఒక్క విషయాన్నే ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

3.4.1 ఉదాహరణ

మీరు అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు మండలంలోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో వివరాలు నమోదు చేస్తున్నారనుకోండి. కొండ మీది గూడేల నుంచి ఆశా కార్యకర్తలు గర్భిణుల హిమోగ్లోబిన్ ఫలితాలు తెస్తారు. కొన్ని కాగితం మీద, కొన్ని ఫోన్ సందేశంలో వస్తాయి. వాటిని మీరు B నిలువు వరుసలో ఎక్కిస్తారు. గర్భిణులలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములు, అంతకు మించి ఉంటే రక్తహీనత లేనట్లు. 10 నుంచి 10.9 వరకు స్వల్పం, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కన్నా తక్కువైతే తీవ్రం. దీనికి ఫార్ములా ఇలా రాస్తాం:

```
=IF(B2>=11,"సాధారణం",IF(B2>=10,"స్వల్పం",IF(B2>=7,"మధ్యస్థం","తీవ్రం")))
```

దీన్ని కిందికి లాగితే వచ్చిన ఫలితం చూడండి. పేర్ల బదులు క్రమసంఖ్యలు ఇచ్చాం. మొదటి వ్యక్తి వివరం షీటులో 2వ అడ్డువరుసలో ఉంది.

| క్రమసంఖ్య | B (హిమోగ్లోబిన్) | C (ఫలితం) |
|---|---|---|
| 1 | 11.4 | సాధారణం |
| 2 | 9.2 | మధ్యస్థం |
| 3 | 6.8 | సాధారణం |
| 4 | 10.3 | స్వల్పం |
| 5 | (ఖాళీ) | తీవ్రం |
| 6 | పరీక్ష కాలేదు | సాధారణం |

మూడో వరుస దగ్గర ఆగండి. 6.8 ఉన్న గర్భిణిని ఆ రోజే డాక్టరుకు చూపించి, అవసరమైతే పాడేరు పంపాలి. మన పట్టిక మాత్రం ఆమెను ‘సాధారణం’ అంటోంది. పట్టికను ‘తీవ్రం’ అనే మాటతో వడపోసి జాబితా తీస్తే అందులో ఆమె ఉండదు. ఉండేది ఇంకా పరీక్షే జరగని అయిదో వ్యక్తి!

3.4.2 ఎందుకిలా జరిగింది?

మూడో వరుసలోని 6.8 మన కంటికి సంఖ్యే. ఎక్సెల్‌కు అది మూడు గుర్తులున్న ఒక మాట. ఆ గడికి ముందే Text ఫార్మాట్ పెట్టి ఉండటం, అంకెకు ముందు ఒంటి కామా (') పడటం, ఫోన్ సందేశం నుంచి అతికించినప్పుడు కనిపించని ఖాళీ గుర్తు వెంట రావడం, ‘6.8 గ్రా’ అని కలిపి కొట్టడం వంటివి ఇందుకు కారణాలు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒకే వరుసలో సంఖ్యలు, మాటలు కలిసి ఉన్నప్పుడు ఆరోహణ క్రమంలో పేర్చమంటే ఎక్సెల్ ముందు సంఖ్యలను, వాటి తరువాత మాటలను, ఆ తరువాత FALSE, TRUE లను పెడుతుంది. పోలిక గుర్తులు <, >, >= కూడా ఇదే వరుసను పాటిస్తాయి. అంటే మాట ఏదైనా సరే, సంఖ్య ఎంతదైనా సరే, మాటే పెద్దది. ఖాళీ గడిలో ఈ రెండూ కొట్టి చూడండి:

```
="6.8">=11
="0">9999999
```

రెండింటికీ TRUE అనే వస్తుంది. లోపల ఏ అంకె ఉందో ఎక్సెల్ చూడనే లేదు. రకం చూసి తీర్పు చెప్పేసింది. ఆరో వరుసలో ‘పరీక్ష కాలేదు’ అన్న మాట 11 కన్నా పెద్దదై ‘సాధారణం’ కావడానికీ కారణం ఇదే. అయిదో వరుస కథ వేరు. పూర్తిగా ఖాళీగా ఉన్న గడిని సంఖ్యతో పోల్చినప్పుడు ఎక్సెల్ దాన్ని 0 గా తీసుకుంటుంది. అందుకే ‘తీవ్రం’ వచ్చింది.

అభ్యాసకులను ఎక్కువగా తికమక పెట్టే విషయం మరొకటి ఉంది. ="6.8"+1 అని కొడితే 7.8 వస్తుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం చేసేటప్పుడు ఎక్సెల్ మాటను వీలైతే సంఖ్యగా మార్చుకుంటుంది. పోల్చేటప్పుడు మార్చుకోదు. కాబట్టి ‘కూడితే సరిగ్గానే వచ్చింది కదా’ అన్నది అది సంఖ్య అనడానికి రుజువు కాదు.

IF ల వరుస తిప్పి, B2<7 తో మొదలుపెడితే సరిపోతుందా? సరిపోదు. మాట 7 కన్నా చిన్నది కాదు, 10 కన్నా కాదు, 11 కన్నా కాదు. అన్ని పరీక్షలూ దాటుకుని చివర మిగిలిన ‘సాధారణం’లోనే పడుతుంది.

3.4.3 ఎలా పసిగట్టాలి?

మీరు అమరిక మార్చకపోతే సంఖ్యలు గడిలో కుడివైపుకు, మాటలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి. అందం కోసం అన్నిటినీ మధ్యకు జరిపితే ఈ ఆనవాలు పోతుంది. గడి మూలలో ఆకుపచ్చ త్రికోణం కనిపించవచ్చు, అయితే దాన్ని ఆపివేసే వీలుంది కనుక దాని మీదే ఆధారపడకండి.

నమ్మదగినది లెక్క సరిచూడటం. మన పట్టికలో =COUNT(B2:B7) కొడితే 3 వస్తుంది, =COUNTA(B2:B7) కొడితే 5. మొదటిది సంఖ్యలను మాత్రమే లెక్కిస్తుంది, రెండోది ఖాళీ కాని గడులన్నిటినీ. తేడా 2 అంటే రెండు గడుల్లో మాటలున్నాయి. అవి ఏవో =ISNUMBER(B4) వంటి ఫార్ములాతో ఒక్కొక్కటిగా తేలుతుంది. సగటు కూడా మోసం చేస్తుంది: AVERAGE మాటలను వదిలేస్తుంది కాబట్టి ఇక్కడ 10.3 చూపుతుంది. 6.8 ను కలుపుకుంటే అసలు సగటు 9.425.

3.4.4 దిద్దుబాటు

చాలామంది గడి ఫార్మాట్‌ను Text నుంచి Number కు మార్చి ఊరుకుంటారు. దానివల్ల లోపలి విలువ మారదు. మళ్ళీ కొట్టాలి, లేదా నిలువు వరుసను ఎంచుకుని Data మెనూలో Text to Columns తెరిచి Finish నొక్కాలి. కనిపించని ఖాళీ గుర్తు ఉందేమోనన్న అనుమానం ఉంటే =LEN(B4) చూడండి. 6.8 కు 3 రావాలి. 4 వస్తే అదనంగా ఒక గుర్తు ఉన్నట్లు. అది సాధారణంగా CHAR(160) అవుతుంది, TRIM దాన్ని తొలగించదు. వేరే గడిలో ఇలా రాయండి:

```
=VALUE(SUBSTITUTE(B4,CHAR(160),""))
```

ఇది ఒకసారి శుభ్రం చేయడమే. రేపు ఇంకో ఫలితం ఇలాగే వస్తుంది. అందుకే IF లోనే ముందు కాపలా పెట్టాలి:

```
=IF(ISNUMBER(B2),IF(B2>=11,"సాధారణం",IF(B2>=10,"స్వల్పం",IF(B2>=7,"మధ్యస్థం","తీవ్రం"))),"సరిచూడండి")
```

ఇప్పుడు 3, 5, 6 వరుసలు మూడింటికీ ‘సరిచూడండి’ అని వస్తుంది. =VALUE(B2) తో నేరుగా పోలిస్తే చాలదా అని మీకు తోచవచ్చు. ‘పరీక్ష కాలేదు’ ఉన్నచోట #VALUE! వస్తుంది, అదీ ఒక హెచ్చరికే అనుకోవచ్చు. కానీ కాగితం మీద అచ్చు తీసి చూసే ఏఎన్ఎంకు #VALUE! కన్నా ‘సరిచూడండి’ అన్న మాటే అర్థమవుతుంది.

ఈ కాపలాకు ఒక పరిమితి ఉంది. 6.8 బదులు 68 అని కొడితే అది సంఖ్యే కాబట్టి ISNUMBER దాన్ని ఆపదు. ‘సాధారణం’ అనే వస్తుంది. అందుకు Data Validation లో దశాంశ సంఖ్య 3 నుంచి 20 మధ్య ఉండాలని నియమం పెట్టండి. అయితే అది చేత్తో కొట్టిన విలువలనే అడ్డుకుంటుంది, అతికించిన వాటిని కాదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

రక్తపోటు పట్టికలో =IF(B2>=140,"మళ్ళీ చూడాలి","సరే") అని ఉంది. B2 లోని 118 మాటగా నమోదైంది. ఏ ఫలితం వస్తుంది? హిమోగ్లోబిన్ పట్టికలోని తప్పుతో పోలిస్తే ఈ తప్పు త్వరగా బయటపడుతుందా? ఎందుకు?

జవాబు: ‘మళ్ళీ చూడాలి’ అని వస్తుంది. మళ్ళీ చూసినప్పుడు రక్తపోటు మామూలుగానే ఉందని తేలి, పట్టికలో తప్పుందని తెలుస్తుంది. హిమోగ్లోబిన్ పట్టికలో ‘సాధారణం’ అని వచ్చిన వారిని మళ్ళీ పిలవరు కాబట్టి ఆ తప్పు బయటపడే దారి ఉండదు.