రెండా, ఏడా, ఎనిమిదా? గ్లైకాలిసిస్ ప్రశ్న వెనకున్న లెక్క

ఎంబీబీఎస్ మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తే ఒక ప్రశ్న మాటిమాటికీ ఎదురవుతుంది. గ్లైకాలిసిస్ దశలు వివరించి, దాని నియంత్రణ, శక్తి లెక్క రాయమంటారు. చివరి ముక్క దగ్గరే పిల్లలు తికమకపడతారు. ఒక సీనియర్ నోట్సులో గ్లూకోజ్ అణువుకు 8 ఏటీపీలని ఉంటుంది. ఇంకొకరి నోట్సులో 7. మూడోవారు 2 అని రాసి కింద రెండు గీతలు కూడా గీసి ఉంటారు. చిత్రమేమంటే ఈ మూడూ సరైనవే. ఏ పరిస్థితిలో ఏ అంకె వస్తుందో తేల్చుకోవాలంటే దారి మొత్తాన్ని ఒక ఫ్లోచార్ట్‌గా వేసుకుని, ఏ మెట్టు దగ్గర ఏం ఖర్చయింది, ఏం వచ్చింది అని పక్కనే రాసుకోవాలి.

గ్లైకాలిసిస్ అంటే ఆరు కర్బనాల గ్లూకోజ్‌ను మూడేసి కర్బనాలున్న రెండు పైరువేట్ అణువులుగా విడగొట్టడం. ఇది కణంలోని సైటోప్లాజంలో పది మెట్లలో జరుగుతుంది. ఒక్కో మెట్టుకూ ఒక ఎంజైమ్ ఉంటుంది. మధ్యలో పుట్టే ఏటీపీయే కణం వాడుకునే శక్తి. ఈ ఏటీపీని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కండరంలో దీన్ని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా గుర్తించారు.

పరీక్షకు పనికొచ్చేలా కుదించిన చార్ట్ ఇలా ఉంటుంది. ఒకవైపే వెళ్లే మెట్టుకు లావు బాణం, రెండు వైపులా నడిచే మెట్టుకు జంట బాణం.

గ్లూకోజ్
⇒ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ (హెక్సోకైనేజ్, ఖర్చు 1 ఏటీపీ)
⇄ ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్
⇒ ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫేట్ (ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్-1, ఖర్చు 1 ఏటీపీ)
⇄ మూడు కర్బనాల ముక్కలు రెండు (ఆల్డోలేజ్)
⇄ 1,3-బిస్‌ఫాస్ఫోగ్లిసరేట్, రెండు (రాబడి 2 ఎన్‌ఏడీహెచ్)
⇄ 3-ఫాస్ఫోగ్లిసరేట్, రెండు (రాబడి 2 ఏటీపీ)
⇄ 2-ఫాస్ఫోగ్లిసరేట్, రెండు
⇄ ఫాస్ఫోఈనాల్‌పైరువేట్, రెండు (ఈనోలేజ్)
⇒ పైరువేట్, రెండు (పైరువేట్ కైనేజ్, రాబడి 2 ఏటీపీ)

ఆల్డోలేజ్ దగ్గర ఒక అణువు రెండు ముక్కలవుతుంది. ఆ రెండూ ఒకదానిలోకి ఒకటి మారగలవు కాబట్టి చివరికి రెండూ ఒకే దారిన సాగుతాయి. అందుకే అక్కడి నుంచి ప్రతి రాబడీ రెట్టింపు. ‘రెండు’ అన్న మాటను చార్ట్‌లో అక్కడే రాసుకోకపోతే కూడికలో రాబడి సగానికి పడిపోతుంది. అలా జరిగినట్టు ఇట్టే తెలుసుకోవచ్చు: ఖర్చు 2, రాబడి కూడా 2 అయి, మొత్తం సున్నా వస్తుంది. సరిగా లెక్కిస్తే ఖర్చు 2, రాబడి 4, మిగులు 2 ఏటీపీ. దానికి తోడు 2 ఎన్‌ఏడీహెచ్.

చేతిలో నగదు, చేతిలో చెక్కు

తికమక అంతా ఆ రెండు ఎన్‌ఏడీహెచ్‌ల దగ్గరే. ఏటీపీ చేతిలో ఉన్న నగదైతే, ఎన్‌ఏడీహెచ్ చెక్కులాంటిది. మైటోకాండ్రియా అనే బ్యాంకుకు వెళ్లి మార్చుకుంటేనే డబ్బవుతుంది. పైగా ఆ మార్పిడికి ఆక్సిజన్ కావాలి.

వేగంగా పరుగెత్తేవాడి కండరంలో గ్లైకాలిసిస్ ఎంత జోరుగా సాగుతుందంటే, పుట్టే ఎన్‌ఏడీహెచ్‌ను మైటోకాండ్రియా అంతే వేగంగా తీసుకోలేవు. ఎన్‌ఏడీహెచ్ అలాగే పేరుకుపోతే ఆరో మెట్టుకు కావలసిన ఎన్‌ఏడీ దొరకదు, దారి మొత్తం ఆగిపోతుంది. అందుకని లాక్టేట్ డీహైడ్రోజినేజ్ పైరువేట్‌ను లాక్టేట్‌గా మారుస్తూ ఎన్‌ఏడీహెచ్‌ను ఖర్చుపెట్టి ఎన్‌ఏడీని తిరిగి ఇస్తుంది. చెక్కులు రెండూ ఇలా పోతాయి కాబట్టి మిగిలేది 2 ఏటీపీలే. ఎర్ర రక్తకణానికి అసలు మైటోకాండ్రియాయే లేదు. ఆక్సిజన్‌ను మోసుకు తిరిగే ఆ కణానికి, ఎంత ఆక్సిజన్ ఉన్నా, గ్లూకోజ్ నుంచి దక్కేది ఎప్పుడూ ఆ రెండే. ప్రశ్నలో ‘ఎర్ర రక్తకణంలో’ అన్న మాట కనిపిస్తే 7, 8 అంకెల జోలికి వెళ్లనక్కర్లేదు.

ఆక్సిజన్, మైటోకాండ్రియా రెండూ ఉన్నచోట చెక్కు మారుతుంది. అయితే దాని విలువ ఎంత? పాత పుస్తకాలు ఒక్కో ఎన్‌ఏడీహెచ్‌కు 3 ఏటీపీలు కట్టేవి. 2కు ఆరు కలిపితే 8. తర్వాత లెక్క సూక్ష్మమైంది. ఒక ఎన్‌ఏడీహెచ్ ఇచ్చే ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరకు అవతలికి సుమారు 10 ప్రోటాన్లను పంపుతాయి. ఒక ఏటీపీ తయారై సైటోప్లాజంలోకి చేరడానికి సుమారు 4 ప్రోటాన్లు వెనక్కి రావాలి. పదిని నాలుగుతో భాగిస్తే 2.5. రెండు ఎన్‌ఏడీహెచ్‌లకు 5, దానికి 2 కలిపితే 7.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సైటోప్లాజంలో పుట్టిన ఎన్‌ఏడీహెచ్ మైటోకాండ్రియా పొరను నేరుగా దాటలేదు. దాని ఎలక్ట్రాన్లను వేరే అణువులు మోసుకెళ్లాలి. గుండె, కాలేయం వంటిచోట్ల ప్రధానంగా పనిచేసే మాలేట్-ఆస్పార్టేట్ షటిల్ వాటిని పూర్తి విలువతో చేరుస్తుంది. అస్థి కండరాల్లో ఎక్కువగా నడిచే గ్లిసరాల్ ఫాస్ఫేట్ షటిల్ వాటిని ఎఫ్‌ఏడీకి అప్పగిస్తుంది. అక్కడ ఒక్కోదానికి దక్కేది 1.5 మాత్రమే, కాబట్టి మొత్తం 5 అవుతుంది. గ్లూకోజ్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ అయ్యేదాకా వెళితే పాత లెక్కలో 38, కొత్త లెక్కలో 32 రావడానికీ, షటిల్ మారితే అవే 36, 30 కావడానికీ కారణం ఇదే. జవాబులో ఒక్క వాక్యం చాలు: ‘ఎన్‌ఏడీహెచ్‌కు 2.5 చొప్పున, మాలేట్ షటిల్ ద్వారా, ఆక్సిజన్ ఉన్నప్పుడు’. ఆ వాక్యం పక్కన 7 ఉంటే దిద్దేవారికి సందేహం మిగలదు.

పగ్గాలు ఎక్కడున్నాయి?

నియంత్రణ భాగాన్ని చాలామంది విడిగా బట్టీపడతారు. చార్ట్‌లో లావు బాణాలు మూడే ఉన్నాయి కదా, పగ్గాలూ అక్కడే. వెనక్కి రాలేని మెట్టును అదుపు చేస్తేనే దారి మొత్తం అదుపులోకి వస్తుంది.

మూడింటిలో ముఖ్యమైనది ఏది అంటే మొదటిదైన హెక్సోకైనేజ్ అని రాసే పొరపాటు తరచూ కనిపిస్తుంది. గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌కు ముందు చాలా దారులున్నాయి. అది గ్లైకోజెన్‌గా నిల్వ కావచ్చు, పెంటోజ్ ఫాస్ఫేట్ దారిలోకి మళ్లవచ్చు. ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్-1 దాటాక మాత్రం ఆ అణువు గ్లైకాలిసిస్‌కు కట్టుబడినట్టే. అందుకే అసలు పగ్గం ఈ ఎంజైమ్ చేతిలో ఉంది.

దీన్ని ఎవరు ఆపుతారో, ఎవరు తోస్తారో కారణంతో సహా ఆలోచిస్తే గుర్తుపెట్టుకునే శ్రమ ఉండదు. కణంలో ఏటీపీ నిండుగా ఉంటే ఇంకా తయారుచేసే అవసరం లేదు, కాబట్టి ఏటీపీ దీన్ని ఆపుతుంది. సిట్రేట్ పేరుకుంటే ముందున్న క్రెబ్స్ చక్రానికి సరుకు చాలినంత చేరినట్టే, కాబట్టి అదీ ఆపుతుంది. ఏటీపీ ఖర్చయిపోయి ఏఎంపీ పెరిగితే ఎంజైమ్ చురుకవుతుంది. కాలేయంలో హార్మోన్ల మాట వినిపించేది ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేట్. భోజనం తర్వాత ఇన్సులిన్ దీన్ని పెంచుతుంది, గ్లైకాలిసిస్ సాగుతుంది. పస్తులో గ్లూకగాన్ దీన్ని తగ్గిస్తుంది, కాలేయం గ్లూకోజ్‌ను తానే వాడేసుకోకుండా రక్తంలోకి పంపుతుంది. పేరులో 1,6 ఉన్నది దారిలోని అణువు, 2,6 ఉన్నది సంకేతం మాత్రమే. ఈ రెండింటినీ కలిపేస్తే చార్ట్ మొత్తం అయోమయమవుతుంది.

మూడో పగ్గమైన పైరువేట్ కైనేజ్‌ను పైనుంచి వచ్చే ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫేటే చురుకుచేస్తుంది. పైన సరుకు బయలుదేరిందంటే కింద ద్వారం తెరుచుకోవాలి కదా. కాలేయంలో గ్లూకగాన్ దీన్నీ మందగింపజేస్తుంది.

ల్యాబ్‌లో బూడిదరంగు మూత

షుగర్ పరీక్షకు రక్తం తీసేటప్పుడు సాధారణంగా బూడిదరంగు మూత గొట్టం వాడతారు. అందులో సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ ఉంటాయి. ఆక్సలేట్ రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. ఫ్లోరైడ్ ఈనోలేజ్‌ను ఆపుతుంది. ఫ్లోరైడ్ లేని గొట్టంలో పెట్టి వదిలేస్తే రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. 140 ఉన్న మనిషికి రెండు గంటల తర్వాత పరీక్ష చేస్తే 120 నుంచి 126 మధ్య చూపవచ్చు.

చార్ట్ తెలిసినవారికి ఇక్కడే ఒక అనుమానం రావాలి. ఈనోలేజ్ ఉన్నది తొమ్మిదో మెట్టులో. పైనున్న ఎంజైములు వెంటనే ఆగవు, మొదటి గంటలో హెక్సోకైనేజ్ ఇంకా గ్లూకోజ్‌ను లాక్కుంటూనే ఉంటుంది. అంటే ఫ్లోరైడ్ గొట్టంలో వేసినా తొలి గంటా రెండు గంటల్లో షుగర్ కొంత తగ్గుతుంది. కచ్చితమైన అంకె కావాలంటే రక్తాన్ని మంచులో ఉంచి, త్వరగా సెంట్రిఫ్యూజ్ చేసి, కణాలను వేరుచేయాలి.

ఇటీవల ప్రశ్నలు నేరుగా దారిని అడగకుండా రోగి కథతోనూ వస్తున్నాయి. పుట్టినప్పటి నుంచి పసిరికలు, రక్తహీనత, పెద్దదైన ప్లీహం ఉన్న బిడ్డలో పైరువేట్ కైనేజ్ లోపం తేలిందనుకుందాం. చార్ట్‌లో చివరి లావు బాణాన్ని చెరిపేసి చూడండి. ఆ మెట్టులో వచ్చే 2 ఏటీపీలు తగ్గిపోతాయి. మైటోకాండ్రియా లేని ఎర్ర రక్తకణానికి వేరే ఆధారం లేదు, కాబట్టి అది పొరను కాపాడుకోలేక ముందే నశిస్తుంది. దారి మూసుకుపోవడంతో పైనున్న పదార్థాలు పేరుకుంటాయి. వాటిలో 2,3-బిస్‌ఫాస్ఫోగ్లిసరేట్ పెరిగితే హిమోగ్లోబిన్ కణజాలానికి ఆక్సిజన్‌ను తేలిగ్గా వదులుతుంది. హిమోగ్లోబిన్ అంకె చూసి భయపడినంతగా ఆ బిడ్డ నీరసించకపోవడానికి ఇదొక కారణం. లోపం, దాని కింద ఏం తగ్గింది, దాని పైన ఏం పేరుకుంది అన్న మూడు వాక్యాలు రాస్తే ఆ ప్రశ్నకు జవాబు పూర్తయినట్టే.