ఫైనల్‌లో ఒక గ్రూపు అయింది... రెజ్యూమెలో ఎలా రాయాలి?

పేరు కింద 'సి.ఎ. (ఫైనల్)' అని ఉన్న రెజ్యూమె చేతికొస్తే చదివే మేనేజరుకు మూడు అనుమానాలు వస్తాయి. ఫైనల్ పాసయ్యారా? ఒక గ్రూపు మాత్రమే అయిందా? ఇంటర్ పాసై ఫైనల్‌కు రిజిస్టర్ చేయించుకుని చదువుకుంటున్నారా? ఈ ముగ్గురికీ ఇచ్చే జీతం వేరు, అప్పగించే పని వేరు. ఏ సంగతీ తేలకపోతే ఆయన తక్కువదే నిజమనుకుంటాడు. లేదా ఎక్కువదని నమ్మి పిలిచి, ఇంటర్వ్యూలో అసలు విషయం తెలిశాక మిగతా రెజ్యూమెను కూడా అనుమానంగా చూస్తాడు. రెండు విధాలా నష్టం అభ్యర్థికే.

మన దగ్గర సి.ఎ. చదివే పిల్లలకు ఈ చిక్కు ఎక్కువ. ఫౌండేషన్ రాసిన వాడి గురించీ, ఫైనల్ రెండో గ్రూపు రాస్తున్న వాడి గురించీ ఇంట్లో వాళ్ళు "మావాడు సి.ఎ. చేస్తున్నాడు" అనే చెబుతారు. చుట్టాల మధ్య అది చెల్లుతుంది. ఉద్యోగానికి పంపే కాగితంలో మాత్రం ఎంతవరకు వచ్చారో తేలాలి. అదృష్టం ఏమిటంటే ఈ కోర్సు మెట్లు మెట్లుగా ఉంటుంది, ప్రతి మెట్టుకూ ఒక రుజువు ఉంటుంది.

ఇప్పటి పద్ధతిలో ఇంటర్‌కు ఆరు పేపర్లు, ఫైనల్‌కు ఆరు. రెండింటిలోనూ మూడేసి పేపర్లతో రెండు గ్రూపులు. గ్రూపు పాసవ్వాలంటే ప్రతి పేపర్లో కనీసం 40 మార్కులు, మూడూ కలిపి సగం, అంటే 300కు 150 రావాలి. ఒక గ్రూపు పాసైతే అది చేతిలో ఉన్నట్టే, రెండోది తర్వాత రాసుకోవచ్చు. అందుకే 'గ్రూపు పాస్' అన్నది నిజంగా పూర్తయిన పని. దాన్ని నెల, సంవత్సరంతో ధైర్యంగా రాసుకోవచ్చు.

ఎగ్జెంప్షన్ సంగతి అలా కాదు. గుంటూరులో బి.కాం. చదివిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఇంటర్ రెండు గ్రూపులూ అయ్యాయి. విజయవాడలో ఒక ఆడిట్ ఆఫీసులో అప్పటి నిబంధన ప్రకారం మూడేళ్ళ ఆర్టికల్‌షిప్ 2024 జూన్‌లో ముగిసింది (ఇప్పుడు కొత్తగా చేరేవారికి రెండేళ్ళు). 2024 నవంబరులో ఫైనల్ మొదటి గ్రూపు పాసైంది. 2025 మేలో రెండో గ్రూపు రాస్తే డైరెక్ట్ టాక్స్‌లో 41, ఇన్‌డైరెక్ట్ టాక్స్‌లో 62, చివరి పేపర్లో 38 వచ్చాయి. మొత్తం 141. చివరి పేపర్లో 40 రాలేదు, మొత్తం 150 కూడా కాలేదు. గ్రూపు పోయింది. కానీ 60 దాటింది కాబట్టి ఇన్‌డైరెక్ట్ టాక్స్‌కు తర్వాతి మూడు ప్రయత్నాల వరకు ఎగ్జెంప్షన్ దొరికింది. ఆ 62 మార్కులు అలాగే లెక్కలోకి వస్తాయి, మిగిలిన రెండింటిలో కలిపి 88 తెచ్చుకుంటే చాలు.

ఇక్కడే చాలామంది 'ఆరింటిలో నాలుగు పేపర్లు క్లియర్' అని రాస్తారు. లెక్క తప్పనిపించదు గానీ, ఆ మాట నిలబడదు. మొదటి గ్రూపులోని మూడు పేపర్లు నిజంగానే అయ్యాయి. నాలుగోది మాత్రం గడువు ఉన్న వెసులుబాటు. ఆ మూడు ప్రయత్నాల్లో గ్రూపు పాసవ్వకపోతే, ఆ ఎగ్జెంప్షన్ కొనసాగించుకోవాలంటే మిగిలిన ప్రతి పేపర్లో కనీసం 50 మార్కులు తెచ్చుకోవాలి. ఆమె రాయాల్సిన వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది:

"సి.ఎ. ఫైనల్: గ్రూప్ 1 పాస్, నవంబరు 2024. గ్రూప్ 2: ఇన్‌డైరెక్ట్ టాక్స్‌లో ఎగ్జెంప్షన్ (62), మిగిలిన పేపర్లకు జనవరి 2026 పరీక్షకు ఫారం నింపాను."

దీని కింద ఇంటర్ పాసైన సంవత్సరం, ఆ కింద ఆర్టికల్‌షిప్ తేదీలు. అయిన పని ముందు, సాగుతున్నది తర్వాత. సాగుతున్న దానికి కూడా ఆమె నిజంగా వేసిన ఒక అడుగు ఆధారంగా ఉంది: పరీక్ష ఫారం. అది నింపకపోతే 'జనవరి 2026' అని రాయడం సరికాదు, అప్పటికి అది ఆలోచన మాత్రమే. ఇన్‌డైరెక్ట్ టాక్స్‌లో 62 అన్న వివరం జీఎస్టీ పని ఉన్న ఉద్యోగానికి నేరుగా పనికొస్తుంది. 'పర్స్యూయింగ్ సి.ఎ.' అన్న రెండు మాటలు అంత పని చేయలేవు.

మేలో గ్రూపు పోయిందని రెజ్యూమెలో రాయాలా? అక్కర్లేదని నా అభిప్రాయం. గ్రూపు 2 ఇంకా మిగిలే ఉందని ఆ వాక్యమే చెబుతోంది. అడిగితే దాచకూడదు, అంతే. కానీ 'ఫస్ట్ అటెంప్ట్' అన్న మాటతో జాగ్రత్త. ఈ రంగంలో ఆ మాటకు చాలా విలువ. ఆమె గ్రూప్ 1 మొదటి ప్రయత్నంలోనే పాసైతే ఆ మాటను గ్రూప్ 1 పక్కనే పెట్టాలి. కోర్సు మొత్తానికి వర్తించేలా పైన పెడితే మార్కుల జాబితా అడిగిన రోజున బయటపడుతుంది.

అసలు ప్రమాదం పేరు దగ్గర ఉంది. పేరుకు ముందు 'సి.ఎ.' అని పెట్టుకునే హక్కు ఇన్‌స్టిట్యూట్ సభ్యులది. ఫైనల్ రెండు గ్రూపులూ పాసైనా, సభ్యత్వానికి దరఖాస్తు చేసి నంబరు వచ్చేవరకు ఆ హక్కు రాదు. సభ్యులు కాని వారు చార్టర్డ్ అకౌంటెంట్ అని చెప్పుకోవడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం శిక్షార్హమైన నేరం. రిజల్ట్ వచ్చిన సాయంత్రమే ప్రొఫైల్‌లో పేరు మార్చుకునే పిల్లల సంతోషం అర్థమవుతుంది. కానీ ఆ కొద్ది వారాలు 'సి.ఎ. ఫైనల్ ఉత్తీర్ణత, సభ్యత్వానికి దరఖాస్తు చేశాను' అని రాసుకుంటే గౌరవం ఏమీ తగ్గదు. పెళ్ళి శుభలేఖ వేయించే తల్లిదండ్రులు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్‌ ఫైనాన్స్ కంపెనీల్లో చేరాలని సి.ఎఫ్.ఎ. రాసేవారికి నియమం ఇంకా స్పష్టంగా ఉంది. పేరు పక్కన 'సి.ఎఫ్.ఎ. లెవెల్ 2' అని రాయకూడదు, సగం బిరుదు అన్నది అక్కడ లేదు. 'లెవెల్ 1 పరీక్ష పాసయ్యాను' అనొచ్చు, ఎందుకంటే అది జరిగిన విషయం. 'లెవెల్ 2 అభ్యర్థిని' అనాలంటే ఆ పరీక్షకు రిజిస్టర్ అయి ఉండాలి. లెవెల్ 1 పాసై రెండేళ్ళుగా తర్వాతి పరీక్షకు రిజిస్టర్ కాని వ్యక్తి అభ్యర్థి కాడు. ఏ కోర్సుకైనా ఈ కొలత పనికొస్తుందని నేను నమ్ముతాను.

డిగ్రీ విషయంలోనూ ఇంతే. మూడేళ్ళు కాలేజీకి వెళ్ళి రెండు బ్యాక్‌లాగులు మిగిలిన వారు 'బి.కాం., 2022-2025' అని మాత్రమే రాస్తే డిగ్రీ వచ్చిందనే అనుకుంటారు. 'రెండు సబ్జెక్టులు మిగిలాయి' అని రాయాలి. లేకపోతే చేరే రోజున ప్రొవిజనల్ అడిగినప్పుడు ఆ సంగతి చెప్పాల్సి వస్తుంది.

ఇక తేదీలు పాతబడతాయి. జనవరి పరీక్ష అని రాసిన వాక్యం ఉద్యోగాల సైట్లలో ఆగస్టులో కూడా అలాగే కనిపిస్తే, పాసయ్యారో లేదో చెప్పడం ఇష్టం లేదన్న అర్థం వస్తుంది. రిజల్ట్ వచ్చిన రోజునే ఆ వాక్యం మార్చాలి. అప్పటికే ఎక్కడైనా ఇంటర్వ్యూలు నడుస్తుంటే వాళ్ళకు రెండు ముక్కల మెయిల్ పంపాలి. "నేను దరఖాస్తులో చెప్పిన గ్రూప్ 2 ఫలితం వచ్చింది, పాసవ్వలేదు, మే పరీక్షకు మళ్ళీ రాస్తాను" అంటే చాలు. మొదటి నుంచీ గ్రూప్ 1, ఆర్టికల్‌షిప్ చూసే పిలిచిన కంపెనీకి ఆ మెయిల్ వల్ల మారేదేమీ ఉండదు.